ట్రైనింగ్ డెక్ నుంచి ప్రాక్టీస్ క్విజ్: చేత్తో రాయాలా, బ్యాంకులోంచి తీసుకోవాలా, ఏఐతో రాయించాలా?

జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం, ఏ ఫార్మా యూనిట్ చూసినా కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలో చూపించే డెక్‌లలో ఒకటి మాత్రం ఖాయం. గుడ్ డాక్యుమెంటేషన్ ప్రాక్టీసెస్, ఫ్లోర్ భాషలో జీడీపీ. రికార్డులో ఏది ఎప్పుడు రాయాలి, ఎవరు సంతకం పెట్టాలి, తప్పు రాస్తే ఎలా దిద్దాలి అన్నదంతా ముప్పై నలభై స్లైడ్లలో ఉంటుంది. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి వచ్చిన కుర్రాడైనా, పదేళ్లు వేరే కంపెనీలో గ్రాన్యులేషన్ చూసి వచ్చిన ఆపరేటరైనా బ్యాచ్ రికార్డు మీద పెన్ను పెట్టే ముందు ఇది దాటాలి.

అసలు అసెస్‌మెంట్‌కి ముందు ఒక ప్రాక్టీస్ క్విజ్ పెడితే బాగుంటుందని అందరూ అంటారు. అది తయారు చేసే పని ట్రైనింగ్ కోఆర్డినేటర్ నెత్తిన పడుతుంది. అక్కణ్నుంచి నాలుగు దారులున్నాయి: కూర్చుని చేత్తో రాయడం, రెడీమేడ్ ప్రశ్నల బ్యాంకు వాడటం, డెక్‌ని ఏఐ టూల్‌కి ఇచ్చి రాయించడం, ఫ్లోర్‌లో జరిగిన తప్పుల నుంచి ప్రశ్నలు పోగేయడం. ఏది ఎవరికి సరిపోతుందో ఈ జీడీపీ డెక్‌నే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చాలామంది మొదట చూసేది టైమ్. గంటలో ఎన్ని ప్రశ్నలు వస్తాయన్నది. నా లెక్కలో అది ఆఖరున చూడాల్సింది. ముందు చూడాల్సినవి ఇవి.

మొదటిది, తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? డెక్‌లో సరైన జవాబులన్నీ ఉంటాయి, తప్పు జవాబులు మాత్రం ఉండవు. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నకు ప్రాణం పోసేది తప్పు ఆప్షన్లే. కొత్తవాడు నిజంగా చేసే తప్పు అందులో కనిపించకపోతే ఆ ప్రశ్న దేన్నీ పరీక్షించదు. డెక్ ఒక్కటే పెట్టుకుని ఏ దారిన వెళ్లినా ఈ లోటు ఉంటుంది, దాన్ని ఎక్కణ్నుంచి పూడుస్తారన్నదే అసలు ప్రశ్న.

రెండోది, కీ దేని మీద నిలబడి ఉంది? "జవాబు: బి" అని రాస్తే కీ అయిపోదు. ప్రాక్టీస్ క్విజ్‌లో నేర్చుకునేది తప్పు పెట్టాకే. కాబట్టి బి ఎందుకు సరైనది, ఎ ఎందుకు కాదు, ఇది ఏ స్లైడులో, కంపెనీ రాసిపెట్టుకున్న ఏ పని పద్ధతిలో, అంటే ఏ ఎస్ఓపీలో ఉంది అన్నది కీలో ఉండాలి. ఆ ఆధారం చూపించలేని ప్రశ్నను పక్కన పెట్టేయడమే మంచిది.

మూడోది, డెక్ మారితే ఏమవుతుంది? ఎస్ఓపీ రివైజ్ అయిన రోజు డెక్ మారుతుంది. క్విజ్ గురించి ఎవరికీ గుర్తుండదు. పాత కీతో ప్రాక్టీస్ చేసినవాడు పాత పద్ధతే నేర్చుకుని ఫ్లోర్‌లోకి వెళ్తాడు.

## చేతిలో ఒక స్లైడు

నాలుగు దారుల్నీ ఒకే స్లైడు మీద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మన డెక్‌లో "తప్పు రాతలు దిద్దడం" అన్న స్లైడు ఉందనుకుందాం. దాని మీద నాలుగు పాయింట్లు:

- ఒకే ఒక గీతతో కొట్టేయాలి, కింద రాసింది చదవగలిగేలా ఉండాలి
- పక్కన సరైన విలువ రాయాలి
- సంతకం, తేదీ, కారణం తప్పనిసరి
- ఓవర్‌రైటింగ్, వైటనర్ నిషేధం

స్లైడు కింద స్పీకర్ నోట్స్‌లో ట్రైనర్ ఇంకో వాక్యం రాసుకున్నాడు: "దిద్దిన రోజు తేదీ వేయాలి, తప్పు జరిగిన రోజుది కాదు. దీన్ని నొక్కి చెప్పాలి." స్లైడు మీద "తేదీ" అన్న ఒక్క మాటే ఉంది. ఏ తేదీ అన్న అసలు విషయం నోట్స్‌లో దాక్కుంది. చాలా డెక్‌ల సంగతి ఇంతే.

## చేత్తో రాయడం

క్వాలిటీ చూసే క్యూఏలో ఐదారేళ్లు బ్యాచ్ రికార్డులను, అంటే బీఎంఆర్‌లను రివ్యూ చేసినవాళ్లు రాస్తే ఈ దారికి తిరుగులేదు. తప్పు ఆప్షన్లు వాళ్ల బుర్రలోనే ఉంటాయి. పై స్లైడుకి అలాంటివాళ్లు రాయగల ప్రశ్న ఇలా ఉంటుంది:

> తూకం స్లిప్పులో 12.54 కిలోలు ఉంది. బీఎంఆర్‌లో 12.45 అని రాశారు. మర్నాడు పొద్దున చెకర్ చూసి చెప్పారు. ఏం చేయాలి?
>
> ఎ) 45 మీదే 54 అని ముదురుగా దిద్ది, పక్కన సంతకం, ఈరోజు తేదీ, కారణం రాయాలి
>
> బి) ఒకే గీతతో కొట్టేసి 12.54 రాసి, పక్కన సంతకం, ఈరోజు తేదీ, కారణం రాయాలి
>
> సి) ఒకే గీతతో కొట్టేసి 12.54 రాసి, పక్కన సంతకం, నిన్నటి తేదీ, కారణం రాయాలి

> కీ: బి. ఎ తప్పు, ఎందుకంటే ఓవర్‌రైటింగ్ వల్ల మొదట ఏం రాశారో కనిపించదు. సి తప్పు, ఎందుకంటే దిద్దింది ఈరోజు. నిన్నటి తేదీ వేస్తే అది బ్యాక్‌డేటింగ్. ఆధారం: "తప్పు రాతలు దిద్దడం" స్లైడు, స్పీకర్ నోట్స్.

మూడు ఆప్షన్లూ దాదాపు ఒకే పొడవు ఉన్నాయి చూడండి. మూడింట్లోనూ సంతకం, తేదీ, కారణం ఉన్నాయి. డెక్ సగం విన్నవాడు సి దగ్గర ఆగి ఆలోచిస్తాడు, ఎందుకంటే "రికార్డు నిన్నటిది కదా, నిన్నటి తేదీ వేస్తేనే కరెక్టేమో" అనిపిస్తుంది. నాలుగో ఆప్షన్ కోసం బలవంతంగా ఏదో ఒకటి పెట్టలేదు. 80 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన మైకేల్ రోడ్రిగ్జ్ 2005 విశ్లేషణ కూడా మల్టిపుల్ చాయిస్‌కి మూడు ఆప్షన్లే మేలని తేల్చింది. మన దగ్గర నాలుగు ఉండాల్సిందేనన్న అలవాటు ఎంసెట్ నుంచి వచ్చింది తప్ప దాని వెనక పెద్ద కారణమేం లేదు.

ఈ దారిలో చిక్కు ఏంటంటే, ఇలాంటి ప్రశ్న ఒకటి కుదరాలంటే కీతో కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆడిట్ నెలలో క్యూఏ వాళ్ల దగ్గర ఆ టైమ్ దొరకదు. అప్పుడు హడావుడిగా రాసేవి "అల్‌కోవాలో సి అంటే ఏమిటి?" లాంటివి. అల్‌కోవా అంటే మంచి రికార్డుకు ఉండాల్సిన లక్షణాల పొట్టిపేరు, అందులో సి అంటే పని జరిగినప్పుడే రాయడం. అలా నోటికి చెప్పేవాడే మధ్యాహ్నం గ్లౌజు మీద రీడింగ్ రాసుకుని సాయంత్రం లాగ్‌బుక్‌లోకి ఎక్కిస్తాడు. నిర్వచనాల ప్రశ్నలు రాయడం తేలిక, దిద్దడం తేలిక. వాటి వల్ల ఒరిగేది మాత్రం తక్కువ.

## రెడీమేడ్ ప్రశ్నల బ్యాంకు

ట్రైనింగ్ నడిపే సాఫ్ట్‌వేర్, అంటే ఎల్ఎంఎస్ కొన్నప్పుడు దానితోపాటు మందుల తయారీ నియమాలైన జీఎంపీ మీద ప్రశ్నల సెట్ వస్తుంది. భాష బాగుంటుంది, కీలో వివరణ కూడా ఉంటుంది. కానీ ఆ వివరణ మీ డెక్‌ని చూసి రాసింది కాదు.

బ్యాచ్ రికార్డులు ఎంతకాలం దాచాలన్న ప్రశ్న తీసుకోండి. అమెరికా నిబంధన 21 సీఎఫ్ఆర్ 211.180 ప్రకారం ఎక్స్‌పైరీ తేదీ దాటాక కనీసం ఏడాది. బ్యాంకులో కీ అదే చెబుతుంది, తప్పేం కాదు. కానీ మీ కంపెనీ ఎస్ఓపీలో అంతకంటే ఎక్కువ కాలం పెట్టుకుని ఉండొచ్చు. కొత్తవాడు పాటించాల్సింది ఎస్ఓపీని. రెండు కీలు, రెండు జవాబులు, రెండూ ఎక్కడో ఒకచోట కరెక్టే. కొత్తవాళ్లను అయోమయంలో పడేయడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇక మన దేశపు మందుల తయారీ నియమాలైన షెడ్యూల్ ఎం సవరించిన రూపంలో 2023 డిసెంబరు చివర్లో నోటిఫై అయ్యింది. అంతకుముందు తయారైన బ్యాంకులో షెడ్యూల్ ఎం ప్రస్తావన ఉన్న ప్రతి ప్రశ్ననూ మళ్లీ చూసుకోవాలి.

అందరికీ ఒకేలా ఉండే విషయాలకు, అంటే వైటనర్ వాడకూడదు, పెన్సిల్‌తో రాయకూడదు లాంటి వాటికి బ్యాంకు సరిపోతుంది. కాకపోతే వాటికి ప్రశ్నల అవసరమే తక్కువ.

## ఏఐ టూల్‌తో రాయించడం

ఇప్పుడు అందరి చూపూ దీని మీదే. పది నిమిషాల్లో ముప్పై ప్రశ్నలు, కీతో సహా వచ్చేస్తాయి. ముందు ఒక గేటు దాటాలి: ఎస్ఓపీ అన్నది కంట్రోల్డ్ డాక్యుమెంట్. డెక్‌లో ప్రొడక్టు పేర్లు, బ్యాచ్ నంబర్లు, పాత ఆడిట్ అబ్జర్వేషన్ల స్క్రీన్‌షాట్లు ఉంటాయి. సొంత మెయిల్ ఐడీతో తెరిచిన బయటి వెబ్‌సైట్‌లోకి దాన్ని ఎక్కించడానికి క్యూఏ, ఐటీ రెండూ ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా. కంపెనీ లైసెన్సు తీసుకుని అనుమతించిన టూల్ ఉంటేనే ఈ దారి తెరుచుకుంటుంది. లేకపోతే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లిపోండి.

గేటు దాటాక మొదటి దెబ్బ డెక్‌ని ఎలా ఇస్తున్నారన్న దగ్గర తగులుతుంది. పవర్‌పాయింట్‌లో `Outline/RTF` గా సేవ్ చేస్తే టైటిల్, టెక్స్ట్ ప్లేస్‌హోల్డర్లలో ఉన్నది మాత్రమే వస్తుంది. విడిగా గీసిన టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నదీ, స్పీకర్ నోట్స్‌లో ఉన్నదీ రాదు. మామూలుగా పీడీఎఫ్ చేసినా నోట్స్ పోతాయి. మన స్లైడు విషయంలో అంటే "దిద్దిన రోజు తేదీ" అన్న వాక్యం టూల్‌కి చేరనే చేరదు. అందుకని ప్రింట్ సెట్టింగ్స్‌లో `Notes Pages` ఎంచుకుని పీడీఎఫ్ తీయాలి. ఫ్లోచార్టులు, ఫొటోల్లో ఉన్న రాతను చేత్తో టైప్ చేసి ఇవ్వడం నయం. నింపిన బీఎంఆర్ పేజీ ఫొటో పెట్టి "ఇందులో తప్పులేంటి" అని అడిగే స్లైడ్లు ప్రతి డెక్‌లోనూ ఉంటాయి. సరుకంతా వాటిలోనే ఉంటుంది, ఈ దారిలో మొదట జారిపోయేవి కూడా అవే.

డెక్ మాత్రమే ఇచ్చి వదిలేస్తే ఆ స్లైడుకి వచ్చేది ఇలాంటిది:

> రికార్డులో తప్పు దిద్దే సరైన పద్ధతి ఏది?
>
> ఎ) వైటనర్ వాడాలి
>
> బి) ఒకే గీతతో కొట్టేసి, సరైన విలువ రాసి, సంతకం, తేదీ, కారణం నమోదు చేయాలి
>
> సి) పేజీ చించేయాలి
>
> డి) ఏమీ చేయనక్కర్లేదు

తప్పు అనడానికి లేదు. కానీ డెక్ చూడనివాడు కూడా బి పెట్టేస్తాడు, అన్నింటికంటే పొడుగ్గా ఉంది కాబట్టి. ఇది టూల్ తప్పు అనుకోనక్కర్లేదు. డెక్‌లో ఉన్నదే అది తిరిగి ఇచ్చింది, తప్పు ఆప్షన్ల కోసం నిషేధాల జాబితాను తిరగేసింది. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ప్రశ్నాపత్రాన్ని అకౌంట్స్‌లోనో స్టోర్స్ ఆఫీసులోనో డెక్ ఎప్పుడూ చూడని మనిషికి ఇవ్వండి. ఊహతోనే ఇరవైకి పదహారు పదిహేడు వస్తే ఆ క్విజ్ పనికిరాదు. ఎక్కడ తప్పు పెట్టారో ఆ మూడు నాలుగే మీకు మిగిలిన అసలు ప్రశ్నలు.

రెండో దెబ్బ కీలో. డెక్‌లో రికార్డుల నిల్వ గురించి ఒక్క ముక్క లేకపోయినా దాని మీద ప్రశ్న వస్తుంది, కీలో ఒక సంఖ్య ఉంటుంది, పక్కన స్లైడు నంబరు కూడా ఉంటుంది. వెళ్లి చూస్తే ఆ స్లైడు వేరేదాని గురించి. కీ ఎంత ధీమాగా రాసి ఉంటే అంత అనుమానంగా చూడాల్సిందే. అందుకే ప్రతి ప్రశ్న పక్కనా డెక్‌లోని వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలని, అలాంటి వాక్యం లేకపోతే ప్రశ్నే రాయకూడదని ముందే షరతు పెట్టాలి. అప్పుడు మీ పని తగ్గుతుంది. ఆ వాక్యాన్ని డెక్‌లో వెతకండి. దొరక్కపోతే ప్రశ్న కొట్టేయండి.

నలభై స్లైడ్లు ఒకేసారి ఇస్తే ప్రశ్నలన్నీ మొదటి పది స్లైడ్ల చుట్టూ, నిర్వచనాల చుట్టూ మూగుతాయి. ఐదారు స్లైడ్ల చొప్పున ఇస్తే ఆ బెడద తగ్గుతుంది. వాటితోపాటు కొత్తవాళ్లు చేసే తప్పుల జాబితా ఒకటి ఇచ్చి, తప్పు ఆప్షన్లు ఆ జాబితాలోంచే రావాలన్నారనుకోండి, ప్రశ్నల తీరే మారిపోతుంది. ఆ జాబితా ఎక్కడ దొరుకుతుందన్నదే తరువాతి దారి.

## ఫ్లోర్ నుంచి పోగేయడం

బీఎంఆర్ రివ్యూ చేసేటప్పుడు క్యూఏ వాళ్లు తిప్పి పంపే కామెంట్లు ఉంటాయి. "పేజీ 14లో చెకర్ సంతకం లేదు", "స్టార్ట్ టైమ్, ఎండ్ టైమ్ ఒకటే రాశారు", "థర్మల్ ప్రింటవుట్‌కి జిరాక్స్ జత చేయలేదు". ఇవే మీ తప్పు ఆప్షన్లు, ఏ పుస్తకంలోనూ దొరకనివి. గత రెండు మూడు నెలల కామెంట్లు తీసి, ఒకేలా ఉన్నవాటిని కలిపితే పది పన్నెండు రకాల తప్పులకు తేలుతుంది. అప్పుడే చేరి ఆరు నెలలైన కుర్రాళ్లతో టీ బ్రేక్‌లో కూర్చుంటే ఇంకో నాలుగైదు దొరుకుతాయి. తూకం ముందు చిట్టీ మీద రాసుకుని తర్వాత నీట్‌గా ఎక్కించడం తప్పని తమకు మొదట్లో తెలియదని, అంకె సరిగ్గానే ఉంది కదా అనుకునేవాళ్లమని వాళ్లే చెబుతారు. మొదట రాసిన చోటే అసలు రికార్డు అన్న పాయింటు డెక్‌లో ఉంటుంది. చిట్టీ కూడా ఆ లెక్కలోకే వస్తుందని ఎవరికీ తట్టదు.

పేర్లు, బ్యాచ్ నంబర్లు, తేదీలు తీసేయడం మర్చిపోవద్దు. క్విజ్‌లో ఉన్న తప్పు ఎవరిదో నైట్ షిఫ్ట్ మొత్తానికి తెలిసిపోతే ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

ఈ దారికి ఉన్న లోటు ఏంటంటే, ఇందులో కీ ఉండదు. తప్పులు మాత్రం దొరుకుతాయి, సరైన పద్ధతి ఏమిటన్నది మళ్లీ డెక్‌లోనో ఎస్ఓపీలోనో వెతకాలి. పైగా ఎక్కువగా జరిగే తప్పుల మీదే ప్రశ్నలన్నీ పడతాయి. ఎలక్ట్రానిక్ రికార్డుల పాస్‌వర్డ్ పంచుకోవడం లాంటివి రివ్యూ కామెంట్లలో కనిపించవు, కానీ అవే పెద్ద గొడవలు తెస్తాయి.

## పక్కపక్కన పెడితే

| | తప్పు ఆప్షన్లు | కీకి ఆధారం | డెక్ మారితే | పడే శ్రమ |
|---|---|---|---|---|
| చేత్తో | రాసేవాళ్ల అనుభవాన్ని బట్టి | గట్టిది, కానీ తరచూ రాయకుండా వదిలేస్తారు | రాసినవాళ్లకి గుర్తుంటేనే మారుతుంది | ఎక్కువ |
| బ్యాంకు | అందరికీ ఒకటే | మీ ఎస్ఓపీ మీద కాదు | మారదు | చాలా తక్కువ |
| ఏఐ టూల్ | జాబితా ఇవ్వకపోతే పేలవం | వాక్యం ఎత్తి చూపమంటేనే నమ్మాలి | మళ్లీ రాయించడం తేలిక | రాయడానికి తక్కువ, సరిచూడటానికి మధ్యస్థం |
| ఫ్లోర్ నుంచి | అన్నింట్లోకీ మేలైనవి | ఉండదు, విడిగా వెతకాలి | తప్పులు పాతబడవు, కీ పాతబడుతుంది | మధ్యస్థం |

## ఎవరికి ఏది

మీది చిన్న యూనిట్, ఏడాదికి పది పదిహేను మంది చేరతారు, ట్రైనింగ్ చూసేది క్యూఏలోనే ఒక్కరు అనుకుంటే, రివ్యూ కామెంట్లు ముందు పెట్టుకుని చేత్తో పన్నెండు ప్రశ్నలు రాయండి. ముప్పై వద్దు. రోజుకొకటి చొప్పున రాసుకున్నా రెండు వారాల్లో అయిపోతుంది. అవి రెండు మూడేళ్లు వస్తాయి. ఈ స్థాయిలో ఏఐ టూల్ కోసం అనుమతులు తెచ్చుకునే లోపు పని పూర్తవుతుంది.

నెలనెలా పాతిక ముప్పై మంది చేరే పెద్ద ప్లాంటు, డెక్‌లే ఇరవై ఉన్నాయి, కంపెనీ అనుమతించిన టూల్ ఉంది అనుకుంటే కథ వేరు. ఫ్లోర్ నుంచి తప్పుల జాబితా, నోట్స్‌తో సహా డెక్, రెండూ కలిపి టూల్‌తో డ్రాఫ్ట్ రాయించి, క్యూఏ వాళ్లు సరిచూడటమే సరైన దారి. ఇక్కడ నేను పట్టుబట్టేది ఒక్కటే: సరిచూసే మనిషికి టైమ్ కేటాయించకపోతే ఈ దారి వద్దు. ముప్పై డ్రాఫ్ట్ ప్రశ్నల్లో పన్నెండో పదిహేనో మిగిలితే అదే ఎక్కువ. మిగతావి కొట్టేయడానికి చేయి రావాలి.

కాంట్రాక్టు మీద వచ్చి క్లాసు చెప్పి వెళ్లే బయటి ట్రైనర్లకి రివ్యూ కామెంట్లు అందవు. వాళ్లు బ్యాంకుతో మొదలుపెట్టి, క్లాసులో కొత్తవాళ్లు అడిగిన సందేహాలను రాసుకుని వాటితో ప్రశ్నలు మార్చుకుంటూ పోవడం మేలు. కీని మాత్రం ప్లాంటు క్యూఏతో చూపించుకోవాలి.

ఇక ఆపరేటర్లలో ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లైతే ప్రశ్న తెలుగులో ఉండాలి. బీఎంఆర్ మీద కనిపించే మాటలను, అంటే లైన్ క్లియరెన్స్, డివియేషన్, చెక్డ్ బై లాంటివాటిని అలాగే ఉంచాలి. క్విజ్‌లో ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరు ఉంటే వాళ్లకు రెట్టింపు పని.

## కీని పరీక్షించడం

ఏ దారిన తయారు చేసినా ఒక పని తప్పదు. క్విజ్ రాయని ఇద్దరు క్యూఏ వాళ్లకి కీ లేకుండా ఇచ్చి జవాబులు పెట్టమనాలి. ఇద్దరూ ఒకే జవాబు పెట్టి, అది మీ కీతో కలిస్తేనే ప్రశ్న నిలుస్తుంది.

దీనివల్ల బయటపడేవి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఉదాహరణకు: "10 గంటలకు రాయాల్సిన హ్యుమిడిటీ రీడింగ్ మర్చిపోయారు. 12 గంటలకు గుర్తొచ్చింది. ఏం చేయాలి?" పదింటి రీడింగ్ ఇదీ అని ఊహించి రాయడం తప్పని అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాతే పేచీ. ఒకరు గడి ఖాళీగా ఉంచకుండా రీడింగ్ తీయలేదని రాసి, సంతకం పెట్టి, సూపర్‌వైజర్‌కి చెప్పి డివియేషన్ వేయాలంటారు. ఇంకొకరు ఆ గదిలో డేటా లాగర్ ఉంది కాబట్టి దాని ప్రింటవుట్ జత చేసి, లేట్ ఎంట్రీ అని రాసి, రాస్తున్న టైమ్ వేస్తే చాలంటారు. డెక్‌లో మాత్రం "లేట్ ఎంట్రీకి కారణం రాయాలి" అని ఒక్క లైనే ఉంది. ఇక్కడ క్విజ్‌ది తప్పు కాదు, డెక్‌దే అస్పష్టత. ఎస్ఓపీ చూసి డెక్ సరిచేశాకే ఆ ప్రశ్న పెట్టాలి. అంతవరకు దాన్ని పక్కన ఉంచండి, ఎంత బాగున్నా సరే.

## పెట్టేటప్పుడు

ఎల్ఎంఎస్ లేనివాళ్లకి గూగుల్ ఫారమ్స్ చాలు. సెట్టింగ్స్‌లో `Make this a quiz` ఆన్ చేస్తే ప్రతి ప్రశ్న కింద `Answer key` వస్తుంది. అక్కడ సరైన ఆప్షన్ టిక్ చేసి ఆపేయకుండా, తప్పు జవాబుకి ఫీడ్‌బ్యాక్ అన్న గడిలో మీరు రాసిన కారణాన్ని పెట్టండి. కీలో ఉన్న విలువంతా కొత్తవాడికి చేరేది ఆ గడి నుంచే. మార్కులు వెంటనే కనిపించేలా పెట్టాలి. `Shuffle option order` వాడితే "పైవన్నీ" అన్న ఆప్షన్ పైకి వచ్చి కూర్చుంటుంది, కాబట్టి అలాంటి ఆప్షన్లు ముందే తీసేయండి. నన్నడిగితే షఫుల్ ఉన్నా లేకపోయినా "పైవన్నీ" తీసేయాల్సిందే. రెండు ఆప్షన్లు కరెక్టని తెలిస్తే మూడోది చదవకుండానే మార్కు వచ్చేస్తుంది.

ఒకటి రెండు బ్యాచ్‌లు రాశాక ఫలితాలు తెరిచి, ఏ ఆప్షన్‌ని ఎంతమంది ఎంచుకున్నారో చూడండి. ఒక తప్పు ఆప్షన్‌ని ఎవరూ ముట్టుకోలేదంటే అది ఉన్నా లేనట్టే, మార్చండి. బాగా చేసే వాళ్లు కూడా ఒకే తప్పు ఆప్షన్ దగ్గర పోగవుతుంటే ముందు మీ కీని అనుమానించండి, తర్వాత క్లాసులో ఆ స్లైడు ఎలా చెబుతున్నారో చూడండి. ఈ ప్రశ్నల్నే అసలు అసెస్‌మెంట్‌లో పెట్టొద్దు. పెడితే కొత్తవాళ్లు బి, సి, బి, ఎ అని వరస నేర్చుకుంటారు.

చివరగా, ప్రశ్నలన్నిటినీ ఒక ఎక్సెల్ షీటులో ఉంచుకోండి. ప్రశ్న పక్కన స్లైడు టైటిల్, ఎస్ఓపీ నంబరు, వెర్షన్ అని మూడు కాలమ్‌లు ఉండాలి. స్లైడు నంబరు మీద మాత్రం ఆధారపడకండి, మధ్యలో ఒక స్లైడు చేరిస్తే నంబర్లన్నీ జరిగిపోతాయి. ఎస్ఓపీ రివైజ్ అయిన రోజు ఆ నంబరుతో ఫిల్టర్ చేస్తే ఏ ప్రశ్నలు మళ్లీ చూడాలో కనిపిస్తాయి. కొత్త వెర్షన్‌తో సరిచూసే దాకా వాటిని ఫారమ్‌లోంచి తీసి ఉంచండి.